లాభాల్లో ఉన్న కంపెనీని కోర్టు ఎందుకు మూయిస్తుంది?

లండన్‌లో సిగరెట్ల వ్యాపారం చేసే వీన్‌బర్గ్, రాత్‌మన్ 1914లో తమ రెండు వ్యాపారాలనూ కలిపి యెనిడ్జీ టొబాకో అనే కంపెనీ పెట్టారు. డైరెక్టర్లు వాళ్లిద్దరే, ఓటు హక్కూ ఇద్దరికీ సమానమే. కొద్దికాలానికే చెడింది. ఒకే కంపెనీలో ఉంటూ మాటలు మానేశారు. ఒకరు చెప్పదలచుకున్నది సెక్రటరీ రెండోవారికి చేరవేసేవాడు. ఫ్యాక్టరీలో ఓ ఉద్యోగిని తీసేయాలా వద్దా అన్న తగువు మధ్యవర్తి దాకా వెళ్లి, వెయ్యి పౌండ్లకు పైగా ఖర్చు పెట్టించింది. అయినా తగువు తెగలేదు. చివరికి వ్యవహారం కోర్టుకెక్కింది. కంపెనీకి లాభాలు బాగానే వస్తున్నాయి, మూయాల్సిన పనేమిటని ఒక పక్షం వాదించింది. 1916లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. పేరుకే కంపెనీ, నిజానికిది ఇద్దరి భాగస్వామ్యం. భాగస్తుల మధ్య నమ్మకం ఇంతగా చచ్చిపోతే ఏ భాగస్వామ్యాన్నయినా రద్దు చేస్తారు, దీన్నీ అలాగే చూడాలంది.

ఇద్దరు అన్నదమ్ములు చెరిసగం పెట్టుకున్న కంపెనీ కొట్లాటలన్నింటికీ ఈ తీర్పే నేటికీ మూలం. మన కంపెనీల చట్టం 2013లో 271వ సెక్షన్ ఉంది. మూసివేయడం న్యాయం, సమంజసం అని ట్రిబ్యునల్‌కు తోస్తే కంపెనీని మూసివేయవచ్చని అందులో ఒక క్లాజు చెబుతుంది. ఇంతకుముందు ఈ అధికారం హైకోర్టులది. 2016 డిసెంబరు నుంచి అది జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు మారింది. మనవాళ్లకు హైదరాబాద్, అమరావతి బెంచీలున్నాయి. ఆ క్లాజును సంకుచితంగా చదవకూడదని, చట్టంలోని మిగతా కారణాలను పోలినదే ఉండాలన్న నియమం లేదని సుప్రీంకోర్టు తేల్చింది మన రాజమండ్రి విద్యుత్ సరఫరా కంపెనీ కేసులోనే, 1950ల మధ్యలో. అక్కడ కూడా హైకోర్టు కంపెనీని మూసేయకుండా అడ్మినిస్ట్రేటర్లకు అప్పగించింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీంతో మళ్లీ పని పడుతుంది.

ఇప్పుడు ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. గోదావరి జిల్లాలో ఒక రైస్ మిల్లు. తండ్రి ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి నడిపాడు. ఆయన పోయాక పెద్దకొడుక్కీ చిన్నకొడుక్కీ చెరి యాభై శాతం వాటాలు. డైరెక్టర్లూ వాళ్లిద్దరే. పొలమైతే గట్టు వేసి పంచుకోవచ్చు, మిల్లును అలా పంచలేం. పెద్దవాడు కొత్త మిషన్లకు అప్పు తెద్దామంటాడు, చిన్నవాడు ఉన్న అప్పే తీర్చమంటాడు.

బోర్డు మీటింగుకు కనీసం ఇద్దరు డైరెక్టర్లు కావాలి. ఒకరు రాకపోతే మీటింగే లేదు. ఒకరినొకరు తీసేద్దామా అంటే, డైరెక్టరును తొలగించడానికి అనుకూలంగా పడిన ఓట్లు వ్యతిరేక ఓట్లకంటే ఎక్కువుండాలి. యాభైకి యాభై ఎప్పుడూ ఎక్కువ కాదు. తమంతట తామే మూసేసుకుందామా అంటే నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి. వాటా అమ్ముకుని బయటపడదామా అంటే, వాటాల బదిలీపై ఆంక్షలు ఉండటమే ప్రైవేట్ కంపెనీ లక్షణం. పైగా తగువున్న కుటుంబంలో సగం వాటా కొనడానికి పరాయివాడు ఎవడొస్తాడు? ఈలోగా బోర్డు ఆమోదించని లెక్కలు రిజిస్ట్రార్‌కు చేరవు. వరుసగా మూడేళ్లు అలా జరిగితే అన్నదమ్ములిద్దరూ ఐదేళ్లపాటు ఏ కంపెనీలోనూ కొత్తగా డైరెక్టర్లు కాలేరు. బ్యాంకు పరిమితిని పొడిగించాలన్నా బోర్డు తీర్మానం అడుగుతుంది. ప్రతిష్టంభన అంటే మనసులు విరిగిపోవడం మాత్రమే కాదు, కంపెనీ చెయ్యి కదపలేకపోవడం.

ట్రిబ్యునల్ ముందు రుజువు చేయాల్సింది కూడా ఇదే. వదినా మరదళ్లు పలకరించుకోవడం లేదన్నది సాక్ష్యం కాదు. ఎన్ని నోటీసులకు మీటింగు జరగలేదు, ఏ చెక్కు సంతకం లేక ఆగింది, ఏ ఏడాది లెక్కలు పెండింగులో ఉన్నాయి, రాజీకి రాసిన ఉత్తరానికి జవాబు ఏమొచ్చింది, ఇవీ చూసేవి. కావాలని మీటింగులు ఎగ్గొట్టి, ఆనక ప్రతిష్టంభన అంటూ వచ్చినవాడికి ఆదరణ దొరకడం కష్టం.

కుటుంబ కంపెనీ అన్నంత మాత్రాన భాగస్వామ్య సూత్రం వర్తించదు. హింద్ ఓవర్సీస్ కేసులో, 1970ల మధ్యలో, సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. బంధువులు కలిసి కంపెనీ పెట్టినా, అందరూ నిర్వహణలో ఉండాలన్న ఒప్పందం లేకపోతే, ఒకరిని పక్కన పెట్టారని కంపెనీని మూయించలేమంది. పది శాతం వాటా ఉన్న మేనమామ కొడుక్కి, మన మిల్లు చిన్నకొడుక్కి తేడా ఇక్కడే.

అయితే మూసివేత ఉత్తర్వు ఎవరికి లాభం? మిల్లు, స్థలం, సరుకు కలిపి విలువ 12 కోట్లు, బ్యాంకు అప్పు 4 కోట్లు అనుకుందాం. నడుస్తున్న మిల్లుగా లెక్కేస్తే అన్నదమ్ములకు చెరి 4 కోట్లు. మూసివేతలో కంపెనీ లిక్విడేటర్ చేతికి పోతుంది, అమ్మకం అవసరానికి జరుగుతుంది. ఆ ఆస్తి 8 కోట్లే పలికి, అప్పు పోగా కార్మికుల బకాయిలు, ఖర్చులు మరో కోటి పోయాయనుకుంటే, మిగిలేది 3 కోట్లు, చెరి కోటిన్నర.

అందుకే చట్టం మరో తలుపు పెట్టింది. 242వ సెక్షన్ కింద ఒకరి వాటాను మరొకరు కొనేలా ట్రిబ్యునల్ ఆదేశించవచ్చు, విలువ కట్టించవచ్చు. కానీ ఆ తలుపు దాటాలన్నా, అణచివేతనో నష్టం కలిగించే నడవడినో చూపాలి. ఆపైన కంపెనీని మూసివేయదగినంత కారణం ఉండి, మూస్తే వాటాదార్లకు అన్యాయం జరుగుతుందనీ చూపాలి. మూయదగ్గ కారణం ఉంటేనే బతికించే ఉత్తర్వు దొరుకుతుందన్నమాట. మరోవైపు, సముచితమైన ఇతర పరిష్కారం ఉండగా మూసివేతే కావాలని అకారణంగా పట్టుబడితే, 273వ సెక్షన్ కింద పిటిషన్ కొట్టేయవచ్చు. తమ్ముడు న్యాయమైన ధరకు కొంటానన్నా అన్న మూయండి అంటూంటే, తప్పు అన్నదే అవుతుంది. అందుకే నా ఉద్దేశంలో ఈ పిటిషన్ బేరానికి కూర్చోబెట్టే ఒత్తిడిగానే ఎక్కువ పనికొస్తుంది.

మధ్యవర్తి దగ్గర తేల్చుకుందామన్న క్లాజు ఆర్టికల్స్‌లో ఉన్నా, కంపెనీని మూసివేయమనే అధికారం మధ్యవర్తికి లేదని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. వాటా ధర, కొనుగోలు వంటివి మాత్రం ముందే రాసుకోవచ్చు. ఒకరు ధర చెప్పాలి, ఆ ధరకు అమ్మాలా కొనాలా అన్నది రెండోవారు తేల్చుకోవాలి అన్న షరతు మంచిది. ధర చెప్పేవాడు తానే ఆ ధరకు అమ్ముకోవాల్సి రావచ్చు గనుక ఒళ్లు దగ్గర పెట్టుకుని చెబుతాడు. మీది కుటుంబ కంపెనీ అయితే, తండ్రి చేతిలో మెజారిటీ ఉండగానే ఈ షరతు చేర్పించండి. ఆర్టికల్స్ మార్చడానికి నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి. గొడవ ముదిరాక సగం ఉన్నవాడికి అన్ని ఓట్లు దొరకవు.