గీత దాకా నీళ్లు

నల్గొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీళ్ల పరీక్ష కాగితం చేతికొస్తే జనం కళ్లు ముందు ఒక్క అంకె మీదికే పోతాయి. అది ఫ్లోరైడ్. తాగునీటికి మన దేశంలో పాటించే ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోతే మంచిది. వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. అంటే 1.4 వస్తే ఆ బోరు ఉంటుంది, 1.54 వస్తే పోతుంది. అంత తేడా చేసే అంకెను మీటరు తనంతట తాను చెప్పలేదు. ముందుగా గాఢత తెలిసిన నీళ్లలో దాని ఎలక్ట్రోడును ముంచి, ఇది 1, ఇది 10 అని దానికి నేర్పాలి. ఆ తెలిసిన నీళ్లను ప్రామాణిక ద్రావణాలంటారు. వాటిని ఆ ఉదయమే ల్యాబులో ఎవరో చేత్తో కలిపి ఉంటారు. ఆ కలపడం ఎలా జరుగుతుందో చూద్దాం.

మొదలు స్టాక్ ద్రావణం. బాగా ఆరబెట్టిన సోడియం ఫ్లోరైడ్ పొడిని 221 మిల్లీగ్రాములు తూచి, స్వేదన జలంలో కరిగించి, సరిగ్గా లీటరు చేస్తారు. ఈ పొడి బరువులో ఫ్లోరైడ్ వాటా నూటికి 45 పాళ్ల పైచిలుకు, మిగతాది సోడియం. అందుకే 221 తూస్తే లీటరులో 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. నేరుగా లీటరుకు 1 మిల్లీగ్రాము ద్రావణమే చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. అలా చేయాలంటే 2.21 మిల్లీగ్రాములు తూచాలి. కాగితానికి అంటుకుని మిగిలిపోయే పొడే దాదాపు అంత ఉంటుంది. తూకం నమ్మకంగా నిలిచే చోట చిక్కటిది చేసుకుని, అక్కడి నుంచి కొలతతో పలచన చేసుకుంటూ రావడమే తెలివి.

పలచన చేసే లెక్క ఒకటే వరుస:

C1 × V1 = C2 × V2

C అంటే గాఢత, V అంటే పరిమాణం. నీళ్లు ఎన్ని కలిపినా లోపలున్న ఫ్లోరైడ్ పెరగదు, తరగదు. ఆ సంగతే ఈ సమీకరణం చెబుతోంది. 100 గాఢత ఉన్న స్టాక్ నుంచి 10 గాఢతతో 100 మిల్లీలీటర్లు కావాలనుకోండి. 10ని 100తో హెచ్చించి 100తో భాగిస్తే 10 మిల్లీలీటర్లు. అంత స్టాక్ తీసుకుని మొత్తాన్ని 100 చేయాలి. ఈ పదికి ఇంకోసారి ఇలాగే చేస్తే 1 గాఢత వస్తుంది. ఇక్కడ 'మొత్తాన్ని' అన్నమాటను తేలిగ్గా దాటిపోతే దెబ్బ తింటాం. 10 మిల్లీలీటర్ల స్టాకుకు 100 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే మొత్తం 110 అవుతుంది, గాఢత 9.09కి పడిపోతుంది. సీసా మీద మాత్రం 10 అనే రాసి ఉంటుంది. ఒకటికి పది అని నోటిమాటగా చెప్పుకునే చోట ఈ పొరపాటు తరచు దొర్లుతుంది. ఒకరు పదిలో ఒక వంతు అనుకుంటారు, ఇంకొకరు ఒకటికి తోడు పది అనుకుంటారు.

ఇప్పుడు బోరు సంగతికి రండి. ఆ 9.09 ద్రావణం నుంచి రెండో మెట్టు సరిగ్గానే చేస్తే, 1 అని రాసిన సీసాలో నిజానికి 0.909 ఉంటుంది. మీటరు ఆ 0.909నే 1 అని నేర్చుకుంటుంది. అసలు 1.4 ఉన్న బోరు నీళ్లు పెడితే 1.54 అని చూపిస్తుంది. మీటరు బాగానే పని చేస్తోంది, నీళ్లు ఒప్పుకున్న హద్దులోనే ఉన్నాయి, అయినా కాగితం మీద మాత్రం పనికిరావు. తప్పు ఎదురు దిక్కున జరిగి, 1 అని రాసిన సీసాలో 1.1 ఉందనుకోండి. 1.6 ఉన్న బోరు 1.45గా నమోదై గట్టెక్కుతుంది. రెండింటిలో ఇదే ప్రమాదం. మంచి బోరు పోతే ఊరు గొడవ చేసి మళ్లీ పరీక్ష చేయిస్తుంది. చెడ్డ బోరు నెగ్గితే ఎవరూ అడగరు.

ఇంత పనికి బీకరు మీది గీతలు చాలవు. అవి సుమారు గీతలు, నూటికి 5 పాళ్లు అటూ ఇటూ ఉండొచ్చు. కొలజాడీ కాస్త మేలు. అసలు పని మాత్రం ఒక్క గీత పిపెట్‌దీ, ఒక్క గీత వాల్యూమెట్రిక్ ఫ్లాస్కుదీ. ఎ తరగతి 10 మిల్లీలీటర్ల పిపెట్‌కు ఒప్పుకున్న తేడా 0.02 మిల్లీలీటర్లు, 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కుకు 0.1. ఈ రెండూ కలిసినా మెట్టుకు నూటికి 0.3 పాళ్లు దాటదు. మెడ సన్నగా ఉండటంలోనే కిటుకంతా ఉంది. ఫ్లాస్కు మెడ లోపలి వ్యాసం 13 మిల్లీమీటర్లనుకుంటే, మట్టం ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా 0.13 మిల్లీలీటర్లే తప్పుతాయి. అదే తేడా వెడల్పాటి బీకరులో వస్తే ఎన్నో రెట్లు ఎక్కువ నీళ్లు తప్పిపోతాయి.

రెండు మెట్ల తిరకాసు ఎందుకు, 1 మిల్లీలీటరు స్టాక్ తీసి ఒకేసారి 100 చేస్తే అయిపోదా అని కొత్తవాళ్లు అడుగుతారు. లెక్క కుదురుతుంది గానీ, 1 మిల్లీలీటరు పిపెట్‌లో ఒప్పుకున్న తేడా 0.008. అంటే ఆ ఒక్క పనిలోనే నూటికి 0.8 పాళ్లు. పది పది చొప్పున రెండుసార్లు చేస్తే, తేడాలన్నీ ఒకే దిక్కున కలిసొచ్చినా 0.6 పాళ్లే. 10 మిల్లీలీటర్లను నేరుగా లీటరు ఫ్లాస్కులో వేస్తే ఇంకా బాగుంటుంది. కాకపోతే రెండు చెంచాల ద్రావణం వాడుకుని లీటరు పారబోయాలి.

ఇక చేతిపని. స్టాక్ సీసాలో నేరుగా పిపెట్ ముంచకూడదు. పిపెట్ లోపలి చెమ్మ ఏదైనా ఉంటే సీసా మొత్తం పాడవుతుంది. చిన్న బీకరులోకి కొంచెం ఒంపుకుని అక్కడి నుంచి తీయాలి. మిగిలినది తిరిగి సీసాలో పోయకూడదు. పిపెట్‌ను అదే స్టాకుతో రెండు మూడు సార్లు తొలిచి పారబోస్తే లోపలి చెమ్మ వల్ల గాఢత మారదు. ఫ్లాస్కు సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాన్ని స్వేదన జలంతోనే కడగాలి, స్టాకుతో తొలిస్తే గోడలకంటిన ఫ్లోరైడ్ లెక్కలోకి రాకుండా కలిసిపోతుంది. ఫ్లాస్కు లోపల నీటి తడి ఉన్నా నష్టం లేదు, ఎలాగూ నీళ్లు పోయబోతున్నాం.

నోటితో పీల్చే పాత అలవాటు వద్దు, సోడియం ఫ్లోరైడ్ విషం. రబ్బరు బల్బుతో గీతకు పైదాకా లాగి, మొన బయట అంటుకున్నది తుడిచి, పిపెట్‌ను నిలువుగా పట్టుకుని, వంపు అడుగు గీతను తాకేదాకా నెమ్మదిగా వదలాలి. మొనకు వేలాడే బొట్టును బీకరు గోడకు తాకించి తీసేయాలి. తర్వాత ఫ్లాస్కు లోపలి గోడకు మొన ఆనించి, దానంతట అదే కారిపోయేలా వదిలేసి, కొన్ని సెకన్లు ఆగాలి. చివర్లో మొనలో ఒక బొట్టు మిగులుతుంది. దాన్ని ఊదకూడదు. ఆ బొట్టును లెక్కలోంచి తీసేసే గాజు మీద గీత గీశారు. పాపం, చేయి ఊరుకోదు, బల్బు నొక్కాలనిపిస్తుంది.

ఫ్లాస్కులో ముందు ముప్పాతిక వంతు దాకా నీళ్లు పోసి గుండ్రంగా ఆడించాలి. ఆపైన గీత కింద ఒక సెంటీమీటరు దాకా పోసి కాసేపు ఆగితే, మెడ గోడలకున్న నీళ్లు కిందికి దిగుతాయి. చివరి బొట్లు డ్రాపరుతో. ఇప్పుడు కన్ను గీతకు సమంగా ఉండాలి. గీత మెడ చుట్టూ ఉంగరంలా ఉంటుంది కాబట్టి, ఎదుటి సగం, వెనక సగం కలిసి ఒకే గీతగా కనిపిస్తే కన్ను సరైన చోట ఉన్నట్టు. పై నుంచి చూస్తే మట్టం గీతకు చేరకముందే చేరినట్టు కనిపిస్తుంది. అక్కడ ఆపేస్తే నీళ్లు తక్కువై ద్రావణం చిక్కబడుతుంది. కింద నుంచి చూస్తే దీనికి తలకిందులు.

గీత దాటితే పిపెట్‌తో కొంచెం తీసేద్దామనిపిస్తుంది. తీసే నీళ్లతో పాటు ఫ్లోరైడ్ కూడా వెళ్లిపోతుంది కాబట్టి అది దిద్దుబాటు కాదు. పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి. గీతకు వచ్చాక మూత బిగించి, బొటనవేలితో అదిమి పట్టి, పది పదిహేనుసార్లు తలకిందులు చేయాలి. బోర్లించిన ప్రతిసారీ గాలి బుడగ కింది గోళంలోకి ఎక్కేదాకా ఆగాలి. మెడలో ఉన్న నీళ్లు కదలకపోతే పైన పలచన, కింద చిక్కనగా ఉండిపోతుంది. కలిపాక మట్టం గీతకు కాస్త కిందికి దిగినట్టు కనిపిస్తుంది. అది మూతకూ మెడకూ అంటిన తడి, మళ్లీ నీళ్లు పోయకూడదు.

ఎండాకాలం మన ల్యాబుల్లో 35 డిగ్రీలుంటుంది, గాజు మీద మాత్రం 20 డిగ్రీలని రాసి ఉంటుంది. దానికి భయపడక్కర్లేదు. పిపెట్‌లోదీ ఫ్లాస్కులోదీ ఒకే వేడిలో ఉంటే రెండూ సమానంగా వ్యాకోచిస్తాయి, నిష్పత్తి మారదు. ఫ్రిజ్‌లోంచి 4 డిగ్రీల స్టాక్ తీసి వెంటనే కొలిస్తేనే ఇబ్బంది. చల్లటి నీళ్లు దట్టంగా ఉంటాయి కాబట్టి అదే 10 మిల్లీలీటర్లలో నూటికి 0.6 పాళ్లు ఎక్కువ ఫ్లోరైడ్ వెళ్తుంది. రెండు మెట్లలో గాజు వల్ల వచ్చే తేడా ఎంతో, స్టాకును గదిలో ఉంచి చల్లదనం పోనివ్వకపోతే వచ్చే తేడా అంతే.

తప్పు జరిగిందని పట్టుకోవడం ఎలా? పిపెట్ మీద అనుమానముంటే నీళ్లు తూచాలి. 30 డిగ్రీల దగ్గర 10 మిల్లీలీటర్ల నీళ్లు తరాజు మీద 9.946 గ్రాముల దగ్గర తూగాలి. ద్రావణాల మీద అనుమానముంటే ఎలక్ట్రోడు కొంత చెబుతుంది. పది రెట్ల గాఢత తేడాకు అది 25 డిగ్రీల దగ్గర సుమారు 59 మిల్లీవోల్టులు కదలాలి. 10, 1 సీసాల మధ్య 62 దాకా వచ్చిందంటే, సిద్ధాంతం ఒప్పుకునేదానికంటే ఎక్కువ కనుక, రెండో మెట్టులో నీళ్లు ఎక్కువ పడ్డాయేమోనని చూడాలి. కానీ 9.09 లాంటి మొదటి మెట్టు తప్పును ఈ పరీక్ష పట్టలేదు. రెండు సీసాలూ ఒకే పాళ్లలో తగ్గాయి, వాటి మధ్య పది రెట్లు పది రెట్లుగానే ఉంది, మిల్లీవోల్టులు చక్కగా 59 చూపిస్తాయి. దాన్ని పట్టాలంటే వేరే స్టాక్ నుంచి, వీలైతే వేరొకరి చేత్తో కలిపిన మూడో సీసా కావాలి, లేదా ధ్రువీకరించిన ప్రామాణిక ద్రావణం కొనుక్కోవాలి. దాన్ని తెలియని నమూనాలాగే మీటరుకు ఇచ్చి చూస్తారు. 1 రావాల్సిన చోట 1.1 వస్తే ఆ పూట ద్రావణాలన్నీ పారబోయాల్సిందే. మిగిల్చే స్టాకును మాత్రం గాజు సీసాలో కాకుండా పాలిథీన్ సీసాలో పోసి, తేదీ, గాఢత, కలిపినవారి పేరు రాసి పెడతారు. ఫ్లోరైడ్‌కు గాజును తినే గుణం ఉంది.