మూడోసారీ అదే తప్పైతే ఏం రాయాలి?

పొటాషియం 7.9. క్యాల్షియం 5.8. ఈ రెండు అంకెలూ నిజమైతే ఆ పెద్దాయన ఈపాటికి ఐసీయూలో ఉండాలి. రక్తంలో పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉంటుంది. 6.5 దాటిందంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నట్టే. వార్డుకు ఫోన్ చేస్తే సిస్టర్ "ఇప్పుడే ఇడ్లీ తిన్నారు మేడమ్, పేపరు చదువుతున్నారు" అంది. ఈసీజీలో ఏ తేడా లేదు. మళ్లీ రక్తం తీయించి చూస్తే పొటాషియం 4.3, క్యాల్షియం 9.2.

తేడా ఆయన ఒంట్లో లేదు, ట్యూబులో ఉంది. ఆ నెలలో మా ల్యాబ్‌కు అలా వచ్చిన శాంపిల్ అది మూడోది. మూడూ తీసింది ఒకే అమ్మాయి. డీఎంఎల్‌టీ పూర్తిచేసి చేరింది, ఇంకా ఏడాది కాలేదు. మొదటిసారి "జాగ్రత్తగా తియ్యమ్మా" అన్నాం. రెండోసారి ట్యూబులు ఏ వరుసలో నింపాలో మళ్లీ అప్పజెప్పించుకున్నాం. తడుముకోకుండా చెప్పింది. అయినా మూడోసారి జరిగింది. ల్యాబ్ ఇన్‌చార్జిగా ఇప్పుడు ఆమెకు ఏం రాయాలన్నది నా ముందున్న పని.

ముందు ఆ తప్పేమిటో చెప్పాలి. రక్తపరీక్షకు వెళ్లినప్పుడు రంగురంగుల మూతలున్న ట్యూబుల్లో రక్తం నింపడం మీరు చూసే ఉంటారు. పర్పుల్ మూత ట్యూబు సీబీపీకి. రక్తం గడ్డకట్టకుండా అందులో ఈడీటీఏ అనే రసాయనాన్ని పొటాషియం లవణం రూపంలో ముందే పూసి ఉంచుతారు. రక్తం గడ్డకట్టాలంటే క్యాల్షియం కావాలి. ఈడీటీఏ ఆ క్యాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి రక్తం గడ్డకట్టదు. ఎల్లో మూత ట్యూబు సంగతి వేరు. అందులో రక్తం గడ్డకట్టాలి, పైన తేలే సీరంలో పొటాషియం, క్యాల్షియం లాంటివి కొలవాలి. అందుకే ఎల్లో ముందు, పర్పుల్ తర్వాత. వరుస తిరగబడితే సూది మొనకు అంటుకున్న ఈడీటీఏ ఎల్లో ట్యూబులోకి చేరుతుంది. దాంతోపాటు వచ్చిన పొటాషియం లెక్క పెంచుతుంది, అక్కడున్న క్యాల్షియం లెక్కకు అందకుండా పోతుంది. ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గిందంటే మా అనుమానం ముందు అటే వెళ్తుంది.

పొటాషియం తప్పుగా పెరగడానికి వేరే కారణాలూ ఉన్నాయి. సిరంజితో గట్టిగా లాగితే ఎర్రకణాలు చితికి లోపలి పొటాషియం బయటికొస్తుంది. అప్పుడు సీరం గులాబీ రంగుకు తిరుగుతుంది, క్యాల్షియం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. సీరం వేరుచేయకుండా శాంపిల్‌ను గంటల తరబడి ఫ్రిజ్‌లో ఉంచినా పొటాషియం పెరుగుతుంది, క్యాల్షియం కదలదు. ఆ అమ్మాయిని ఏమైనా అనేముందు ఈ రెండూ కావని తేల్చుకున్నాను. మూడు శాంపిళ్లలోనూ సీరం రంగు బాగుంది. మూడూ తీసిన గంటలోపే ల్యాబ్‌కు చేరాయి. ఎవరికైనా "నీదే తప్పు" అని రాసేముందు కనీసం ఈపాటి పని చేసి ఉండాలని నా నమ్మకం.

తర్వాత మూడింటినీ పక్కపక్కన పెట్టాను. మొదటిది 3వ తేదీది, పొటాషియం 5.8. రెండోది 11వ తేదీది, 6.4. మూడోది 19వ తేదీన వచ్చిన ఈ 7.9. మూడూ ఉదయం రౌండులో తీసినవే. ముగ్గురూ నరం సరిగా దొరకని పెద్దవాళ్లే. మూడుసార్లూ వాక్యూటైనర్ సూది వాడలేదు, సిరంజితో తీసి ట్యూబుల్లోకి ఎక్కించింది. అదే అమ్మాయి అదే నెలలో వాక్యూటైనర్‌తో తీసిన శాంపిళ్లన్నీ తిరగేశాను. ఒక్కదానిలోనూ ఈ తేడా లేదు.

అక్కడ నాకు విషయం అర్థమైంది. ఆమెకు వరుస తెలుసు. సిరంజిలో రక్తం తక్కువైనప్పుడే వరుస తప్పుతోంది. వార్డు డాక్టర్లు ముందు అడిగేది సీబీపీనే కాబట్టి చేతిలో ఉన్నది మొదట పర్పుల్‌లోకి పోతోంది, మిగిలింది ఎల్లోలోకి. మూడోసారైతే పర్పుల్ ట్యూబు మూత తీసి కొంత రక్తం ఎల్లోలో పోసినట్టుంది. సూది మొన తాకినంత మాత్రాన 7.9 రావడం కష్టం.

ఇదంతా చూశాక రాసిన మెసేజ్ ఇది. ల్యాబ్ గ్రూపులో పెట్టలేదు, ఆమె ఒక్కదానికే పంపాను.

"అమ్మా, ఈరోజు 19వ తేదీ వార్డు శాంపిల్‌లో పొటాషియం 7.9, క్యాల్షియం 5.8 వచ్చాయి. మళ్లీ తీస్తే 4.3, 9.2. ఇది ఈడీటీఏ కలవడమే. 3న, 11న కూడా ఇదే జరిగింది. మూడు సార్లు జరిగింది కాబట్టి దీన్ని పొరపాటు అని వదిలెయ్యలేను.

మూడూ సిరంజితో తీసినవే, మూడూ రక్తం తక్కువొచ్చినవే. వాక్యూటైనర్‌తో నువ్వు తీసినవాటిలో ఒక్కటి కూడా ఇలా లేదు, నేను చూశాను. వరుస నీకు వచ్చు. రక్తం చాలనప్పుడు పర్పుల్ ముందు నింపుతున్నావని, ఈరోజు అందులోంచి ఎల్లోలోకి పోశావని నాకనిపిస్తోంది. నేననుకున్నది తప్పైతే చెప్పు.

డయేరియాతో వచ్చిన మనిషికి నిజంగా పొటాషియం 2.6 ఉందనుకో. ఈడీటీఏ కలిస్తే మనం 4.2 అని రిపోర్టు ఇస్తాం. డాక్టర్ బాగుందనుకుని వదిలేస్తారు. 7.9 వస్తే మనం పట్టుకుంటాం, 4.2ని ఎవరూ పట్టుకోరు. నేను భయపడేది దానికే.

రేపటి నుంచి ఒక్కటి మార్చు. సిరంజితో తీస్తే ఎంత తక్కువున్నా మొదట ఎల్లోలో 2 ఎంఎల్. మిగిలింది పర్పుల్‌లోకి. పర్పుల్‌కు చాలకపోతే నాకు ఫోన్ చెయ్యి, ఎంత పనిలో ఉన్నా తీస్తాను. ఒక ట్యూబులోంచి ఇంకోదానిలోకి మాత్రం ఎప్పుడూ పోయకు. శాంపిల్ చాల్లేదని చెబితే ఇక్కడ ఎవరూ నిన్ను ఏమీ అనరు, ఆ మాట నాది.

ఆ ముగ్గురికీ అంతకుముందు ఇద్దరు ప్రయత్నించి వదిలేశారని సిస్టర్ చెప్పింది. నువ్వు ఒక్క పోటుతో తీశావు. చెయ్యి బాగుంది. అందుకే కష్టమైన కేసులు నీ దగ్గరికే వస్తున్నాయి, ఈ తప్పూ అక్కడే జరుగుతోంది. రేపు ఉదయం రౌండుకు నేనూ వస్తాను, మొదటి సిరంజి కేసు ఇద్దరం కలిసి చూద్దాం."

ఈ మెసేజ్‌లో నాకు ఎక్కువ ఆలోచన పట్టింది "మూడు సార్లు" అన్న మాటకు. మన దగ్గర జూనియర్లకు ఈ మాట నేరుగా చెప్పడానికి మొహమాటపడతాం. ఒక్కోసారి విడిగా "చూసుకోమ్మా" అంటూ పోతాం. వాళ్లకు మూడూ విడివిడి సంఘటనల్లాగే మిగిలిపోతాయి. ఆ నెలలో ఆ అమ్మాయి వందల శాంపిళ్లు తీసి ఉంటుంది. 3వ తేదీదీ 19వ తేదీదీ ఒకటేనని ఆమెకు తట్టే అవకాశమే లేదు. మూడు రిపోర్టులూ ఒకేచోట చూసేది నేను. కాబట్టి వాటిని కలిపి చూపించాల్సిందీ నేనే. తేదీలు, అంకెలు రాస్తే కోపం రాయాల్సిన అవసరం ఉండదు. "నువ్వెప్పుడూ ఇంతే" అని రాస్తే మాత్రం ఆమె తప్పును వదిలేసి తనను తాను కాపాడుకునే పనిలో పడుతుంది.

"జాగ్రత్తగా ఉండు" అన్నది మెసేజ్‌లో ఎక్కడా లేదు. ఆ మాట మొదటిసారే వాడాం, పని చెయ్యలేదు. నరం దొరక్క పదినిమిషాలు కష్టపడి, చివరికి సిరంజిలో మూడు ఎంఎల్ వస్తే, పక్కన బంధువులు "మళ్లీ పొడుస్తారా?" అని అడుగుతుంటే, ఆ క్షణంలో జాగ్రత్త అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. ఎల్లోలో ముందు 2 ఎంఎల్ అంటే తెలుస్తుంది. చాలకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా ముందే తెలిసి ఉండాలి. లేకపోతే తిరిగి పొడవడానికి జంకి, ఉన్నదాన్నే సర్దుతారు. పర్పుల్‌లోంచి ఎల్లోలోకి పోయడం ఆ సర్దుబాటే అని నా అంచనా.

మెచ్చుకోలు చివర పెట్టడానికీ కారణం ఉంది. ముందు నాలుగు మంచిమాటలు, తర్వాత తిట్టు, మళ్లీ ఒక మంచిమాట పెడితే చదివేవాళ్లకు ఆ మంచిమాటలు మందు మీద పూసిన చక్కెరలాగే కనిపిస్తాయి. ఆమె చెయ్యి బాగుందన్నది ఊరికే అన్న మాట కాదు. సిస్టర్ చెప్పిన నిజం. పైగా తప్పు ఎందుకు అక్కడే జరుగుతోందో చెప్పేదీ అదే. నరం దొరకని కేసులు ఎవరి దగ్గరికి ఎక్కువ వెళ్తాయో, తక్కువ రక్తంతో ఇబ్బంది కూడా వాళ్లకే ఎక్కువ.

నేననుకున్నదాన్ని ఖాయమని రాయకుండా "తప్పైతే చెప్పు" అన్నాను. నా దగ్గరున్నవి అంకెలే, మంచం పక్కన నిలబడింది ఆమె. ఈడీటీఏ కలిసిందని అంకెలు చెబుతాయి, ఎలా కలిసిందో చెప్పవు. పైగా కొంచెమే కలిస్తే పొటాషియం పెరిగినట్టు తెలుస్తుంది గానీ క్యాల్షియంలో తేడా కనిపించకపోవచ్చు. 3వ తేదీ శాంపిల్‌లో క్యాల్షియం 8.3, మామూలు కంటే కాస్తే తక్కువ. అప్పుడు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మిగతా రెండూ వచ్చాకే దాని అర్థం తెలిసింది.

జవాబు రాత్రి వచ్చింది. పోసిన మాట నిజమేనని రాసింది. ఉదయం రౌండు ట్రేలో పెద్ద పర్పుల్ ట్యూబులే ఉంటాయని, సగం కూడా నిండకపోతే ల్యాబ్‌లో తీసుకోరన్న భయంతో ముందు దాన్ని నింపుతున్నానని చెప్పింది. చివర ఒక ప్రశ్న: "మేడమ్, పిల్లల వార్డులో అర ఎంఎల్ పర్పుల్ ట్యూబులు ఉన్నాయి కదా, అవి పెద్దవాళ్ల ట్రేలో కూడా పెట్టించగలరా?"

అర ఎంఎల్ ట్యూబుతో సీబీపీ చెయ్యొచ్చు. మూడు ఎంఎల్ సిరంజిలోంచి రెండు ఎల్లోకి పోయినా దానికి సరిపడా మిగులుతుంది. మర్నాడు రౌండుకు వెళ్లేముందే స్టోర్‌కు ఇండెంట్ రాశాను, ఒక్కో ట్రేకు పది చొప్పున.