పాత నగకు ఎన్నిసార్లు తరుగు తీస్తున్నారు?

పాత నగ అమ్మకానికి వెళ్తే పనితనానికి పైసా రాదు. కొన్ననాడు కట్టిన మజూరీ, తరుగు, జీఎస్టీ ఏవీ తిరిగి రావు. అంగడివాళ్లు లెక్కకట్టేది ఒక్కటే: ఆ నగలో మేలిమి బంగారం ఎన్ని గ్రాములుందన్నది. ఆ అంకెను ఆ రోజు 24 క్యారెట్ల రేటుతో గుణించి, అంగడి ఖర్చు కింద కొంత తీసేస్తే మీకు రావలసిన సొమ్ము తేలుతుంది. ఇంత సూటి లెక్కలోనూ ఒకే నష్టాన్ని రెండు పేర్లతో రెండుసార్లు కోసేందుకు చోటుంది. చాలామంది మోసపోయేది అక్కడే.

ముందుగా, 22 క్యారెట్లని చెప్పి కొన్న నగ అమ్మేనాటికి ఎందుకు తక్కువ వన్నె చూపుతుందో చూద్దాం. నూటికి 91.6 పాళ్లు బంగారం ఉంటే 22 క్యారెట్లు. నగ రేకు, తీగ అదే వన్నెలో ఉన్నా, ముక్కలను అతికించే టంకం వేరు. నగ కరగకముందే టంకం కరగాలి. అందుకని పాతకాలపు కంసాలులు టంకంలో రాగి, వెండి, జింకు ఎక్కువ కలిపేవారు. అతుకులు ఎన్ని ఉంటే మొత్తం నగ వన్నె అంత పడిపోతుంది. సన్నని లింకుల గొలుసులు, గుండ్ల హారాలు ఎక్కువగా దెబ్బతినేది ఇందుకే. తరవాత కాలంలో కాడ్మియం కలిపిన టంకం వచ్చింది. దాంట్లో 92 పాళ్లు బంగారమే కాబట్టి వన్నె పెద్దగా తగ్గదు. అదే కేడీఎం. కాడ్మియం పొగ కంసాలుల ఆరోగ్యానికి చేటు చేస్తుంది కాబట్టి దాని వాడకం పోయింది. నగ మీద కేడీఎం అని ముద్ర ఉంటే అది టంకం సంగతి చెబుతుందే తప్ప వన్నెకు హామీ కాదు.

ఇక పరీక్ష. గీటురాయి మీద గీసి, నత్రికామ్లం చుక్క వేసి, తెలిసిన వన్నె గీతతో పోల్చడం పాత పద్ధతి. అనుభవమున్న కన్ను దగ్గరి అంచనా చెప్పగలదు గానీ ఒకటి రెండు శాతం తేడాను పట్టలేదు. ఇప్పుడు చాలా అంగళ్లలో క్యారెట్ మీటరు ఉంటోంది. అది నగ మీదికి ఎక్స్ కిరణాలు పంపుతుంది. వాటి తాకిడికి బంగారం, రాగి, వెండి పరమాణువులు వేటికవే ప్రత్యేకమైన శక్తి గల కిరణాలను వెనక్కి విడుస్తాయి. వాటిని కొలిచి యంత్రం శాతాలు చెబుతుంది. నిమిషంలో పని అయిపోతుంది, నగ చెక్కు చెదరదు.

కానీ ఈ యంత్రం చూసేది పైపొరనే, అదీ వెంట్రుక మందం కన్నా తక్కువ లోతు. నగకు మెరుగు పెట్టినప్పుడు ఆమ్లం పైనున్న రాగిని కరిగించేస్తుంది. పైపొరలో బంగారం పాలు పెరిగి అంకె ఎక్కువ చూపుతుంది. అతుకు మీద పెడితే తక్కువ చూపుతుంది. ఒకే నగను ఒకచోట 91 అని, ఇంకోచోట 86 అని యంత్రం చెప్పడంలో వింతేమీ లేదు. కాబట్టి ఒక్క చోట తీసిన రీడింగు మీద బేరం తెంచుకోకూడదు. నగంతా కలిసిన అసలు వన్నె తెలియాలంటే మూసలో కరిగించి ముద్ద చేసి, ఆ ముద్దను రెండు వైపులా పరీక్షించాలి.

కరిగించినప్పుడు బరువు తగ్గుతుంది. మట్టి, చెమట జిడ్డు, గుండ్లలో మిగిలిన లక్క కాలిపోతాయి. కాడ్మియం 767 డిగ్రీల సెల్సియస్ దగ్గర, జింకు 907 డిగ్రీల దగ్గర ఆవిరవుతాయి. కొంత రాగి వెలిగారంతో కలిసి చిట్టెంగా పోతుంది. బంగారం 1064 డిగ్రీలకు కరుగుతుంది గానీ, ఆవిరి కావాలంటే రెండున్నర వేల డిగ్రీలు దాటాలి. మూసకు అంటుకున్న రేణువులు తప్ప బంగారం ఎక్కడికీ పోదు. అంటే కరిగాక బరువు కాస్త తగ్గుతుంది, వన్నె శాతం ఆ మేరకు పెరుగుతుంది. కాబట్టి ముద్ద బరువు వేసుకుంటే వన్నె కూడా ముద్దదే వేసుకోవాలి. నగ మీద తీసిన తక్కువ వన్నెను, కరిగాక వచ్చిన తక్కువ బరువుతో గుణిస్తే నష్టం మీకు.

ఒక హారం లెక్క చూద్దాం. మొత్తం 42 గ్రాములు. రాళ్లు, లక్క తీస్తే 38. కరిగిస్తే 37.6 గ్రాముల ముద్ద వచ్చింది, వన్నె 88 శాతం. మేలిమి 33.088 గ్రాములు. లెక్క తేలికకు 24 క్యారెట్ల గ్రాము 10,000 రూపాయలు అనుకుంటే విలువ 3,30,880. శుద్ధి ఖర్చు, లాభం కింద అంగడి 2 శాతం తీసుకుంటే చేతికి సుమారు 3,24,260 వస్తుంది. ఇది న్యాయమైన బేరం.

పక్క అంగడిలో 38 గ్రాముల్లోంచి ముందే పది శాతం తరుగు తీసి 34.2 అంటారు. తరవాత దానికి 88 శాతం వన్నె కడతారు. మేలిమి 30.096 గ్రాములైంది, సొమ్ము 3,00,960కి దిగింది. తరుగు అన్నది టంకం, మురికి పేరుతో తీసే కోత. ఆ టంకం వల్లనే కదా వన్నె 88కి పడింది! కరిగించకుండా కొనేవాళ్లు అంచనాగా తరుగు తీయడంలో అర్థముంది. కరిగించి, వన్నె చూశాక మళ్లీ తరుగు తీయడం మాత్రం అన్యాయం.

ఇంకో రకం కోత కంటికి ఆనదు. 33.088 గ్రాముల మేలిమికి 22 క్యారెట్ల రేటు, అంటే 9,160 వేస్తారు. 3,03,086 వస్తుంది. 22 క్యారెట్ల రేటులో 8.4 శాతం కల్తీ మినహాయింపు అప్పటికే ఉంది. మేలిమి బరువుకు 24 క్యారెట్ల రేటే వేయాలి. అంగడివాళ్లు 22 క్యారెట్ల రేటే పట్టుబడితే ముద్ద బరువును 88తో గుణించి 91.6తో భాగించమనండి. అప్పుడు 36.122 గ్రాములవుతుంది, విలువ మళ్లీ 3,30,880కే వస్తుంది.

"పాత బంగారానికి నూటికి నూరు" అని బోర్డు పెట్టిన చోట కొత్త నగ మజూరీ అడగండి. మార్పిడిలో వదులుకున్నట్టు కనిపించేది సాధారణంగా అక్కడే వసూలవుతుంది.

నగ మీద హాల్‌మార్క్, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ ఉంటే బేరం సులువు. BIS Care యాప్‌లో ఆ సంఖ్య కొడితే వన్నె కనిపిస్తుంది. 2023 ఏప్రిల్ 1 తరవాత అంగళ్లలో అమ్మే హాల్‌మార్క్ నగల మీద అది తప్పనిసరి. ముద్ర లేని పాత నగలను బీఐఎస్ గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రానికి మీరే తీసుకెళ్లి, నామమాత్రపు రుసుముతో పరీక్ష చేయించుకోవచ్చు. ఆ పరీక్ష కాగితం చేతిలో పెట్టుకుని అంగడికి వెళ్తే బేరం తీరే మారుతుంది.

అమ్మేరోజు రాళ్లు తీయించి, తూకం మీ కళ్లెదుటే సున్నా నుంచి వేయించండి. కరిగించిన మూస, చిట్టెం కూడా చూడండి. అన్నిటికన్నా ముందు ఒక మాట అడగండి: రేటు నచ్చకపోతే ముద్దను వెనక్కి ఇస్తారా అని. ఇవ్వం అంటే అక్కడ నగ కరిగించనివ్వకండి.