చివరి వస్తువు ఖర్చు చూసి మొదటి వస్తువుకు ధర

1960ల మొదట్లో అమెరికాలోని ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ కంపెనీ 1211 అనే నంబరుతో ఒక ట్రాన్సిస్టరు తయారుచేసేది. కొనేది ఎక్కువగా సైన్యమే, అదీ కొద్ది సంఖ్యలో. ధర ఒక్కోటి 150 డాలర్లు, తయారీ ఖర్చు 100 డాలర్ల దాకా. 1962లో అక్కడ ఒక చట్టం వచ్చింది. 1964 నుంచి తయారయ్యే ప్రతి టీవీ సెట్టూ యూహెచ్‌ఎఫ్ ఛానెళ్లను కూడా పట్టుకోవాలన్నది ఆ చట్టం. అంటే ప్రతి సెట్టులో కొత్త ట్యూనరు పెట్టాలి. ఆ ట్యూనరుకు ఫెయిర్‌చైల్డ్ ట్రాన్సిస్టరు సరిగ్గా సరిపోతుంది. కానీ అదే పని చేసే న్యూవిస్టర్ అనే చిన్న వాక్యూమ్ ట్యూబును ఆర్‌సీఏ కంపెనీ డాలరు అయిదు సెంట్లకే ఇస్తోంది.

ఫెయిర్‌చైల్డ్ తన ట్రాన్సిస్టరు ధరను కూడా డాలరు అయిదు సెంట్లకు దించేసింది. ఆ ధరకు తయారుచేయగల ఫ్యాక్టరీ అప్పటికింకా లేదు. జార్జ్ గిల్డర్ తన ‘మైక్రోకాజమ్’ పుస్తకంలో ఈ కథ వివరంగా చెప్పాడు. రెండు మూడేళ్లలో ఆ ట్యూనర్ల మార్కెట్‌లో అధిక భాగం ఫెయిర్‌చైల్డ్ చేతికి వచ్చింది, ఖర్చు కూడా ధర కన్నా కిందికి దిగింది.

ప్రత్యర్థిని దెబ్బ తీయడానికి నష్టానికి అమ్మడం మనకు తెలిసిన సంగతే. కానీ పక్కన పోటీదారు ఒక్కడూ లేకపోయినా, మార్కెట్ మొత్తం తన గుప్పిట్లోనే ఉన్నా, ఖర్చు కన్నా తక్కువకు అమ్మడం లాభసాటి కావచ్చని చెబితే నమ్మడం కష్టం. ధరను తన ఇష్టప్రకారం పెట్టగలవాడు నష్టానికి ఎందుకు అమ్ముతాడు? ఒక లెక్క వేసి చూద్దాం.

వ్యవసాయ మోటార్లకు పెట్టే ఒక కొత్త రకం స్టార్టరును ఒకే ఒక్క కంపెనీ తయారుచేస్తోందనుకుందాం. పేటెంటు దానిదే. ధర వెయ్యి రూపాయలైతే ఎవరూ కొనరు. అక్కణ్ణుంచి రూపాయి తగ్గించినప్పుడల్లా నెలకు ఒక్కో కొనుగోలుదారు పెరుగుతాడు. 850 అంటే నెలకు 150 మంది, 600 అంటే 400 మంది. తయారీ ఖర్చు ప్రస్తుతం ఒక్కోదానికి 700 రూపాయలు. మొదటి 2,000 స్టార్టర్లు చేసేసరికి పనివాళ్లకు చెయ్యి తిరుగుతుంది. ఏ దశలో సరుకు పాడవుతోందో తెలుస్తుంది, అనవసరమైన పనులు తీసేస్తారు. ఆ తర్వాత చేసే ప్రతిదానికీ ఖర్చు 200 రూపాయలే. ఏడాది తర్వాత ఇంతకన్నా మంచి పరికరం వచ్చి దీని గిరాకీ పోతుందని కంపెనీకి ముందే తెలుసు. చేతిలో ఉన్నది పన్నెండు నెలలు.

ఈ నెల లాభం ఒక్కటే చూసుకునే యజమాని 700 ఖర్చు మీద 850 ధర పెడతాడు. ఆ గిరాకీకి అంతకన్నా మంచి ధర లేదు. నెలకు 150 అమ్మి, ఒక్కోదాని మీద 150 చొప్పున 22,500 రూపాయలు మిగుల్చుకుంటాడు. ఏడాదికి 2 లక్షల 70 వేలు. ఏ నెలా నష్టం లేదు, ఆడిటరు సంతోషిస్తాడు. కానీ ఏడాదంతా కలిపి అమ్మినవి 1,800. ఖర్చు పడిపోయే ఆ 2,000 గీత దాకా అతను చేరనే చేరడు.

ఇంకో యజమాని మొదటి రోజే ధర 600 పెట్టాడనుకోండి. నెలకు 400 అమ్ముడవుతాయి, ఒక్కోదాని మీద 100 రూపాయలు పోతుంది. అయిదు నెలల్లో 2,000 పూర్తవుతాయి, మొత్తం నష్టం 2 లక్షలు. ఆరో నెల నుంచి ఖర్చు 200. అదే 600 ధరకు, అదే 400 అమ్మకానికి, నెలకు లక్షా 60 వేలు మిగులుతుంది. మిగిలిన ఏడు నెలలకు 11 లక్షల 20 వేలు. నష్టం తీసేస్తే 9 లక్షల 20 వేలు. మొదటివాడి సంపాదనకు ఇది మూడు రెట్లు దాటింది.

ఈ లెక్కలో కీలకం 600 అనే అంకె. అది ఉజ్జాయింపుగా వేసుకున్నది కాదు. ఖర్చు మొదటి నుంచీ 200 రూపాయలే అయి ఉంటే గుత్తాధిపతి పెట్టుకునే ధర సరిగ్గా అదే. అంటే ఇతను నేటి ఖర్చును పక్కన పెట్టి, ఆఖరి స్టార్టరుకు అయ్యే ఖర్చు చూసి మొదటిదానికి ధర కట్టాడు. కారణం ఇది. ఈ రోజు అదనంగా ఒకటి అమ్మితే బిల్లులో 700 కనిపిస్తుంది. కానీ 2,000 గీతకు ఒక అడుగు దగ్గరయ్యాం కాబట్టి, లేకపోతే తర్వాత 700కు చేయాల్సిన ఒక స్టార్టరు 200కే అవుతుంది. ఏడాది మొత్తం మీద చూస్తే అదనపు స్టార్టరు వల్ల పెరిగిన ఖర్చు 200 మాత్రమే. మొదటి 2,000 మీద పడే అదనపు 10 లక్షలు నేర్చుకోవడానికి కట్టిన ఫీజు. ధర ఎంత పెట్టినా ఆ ఫీజు మారదు కాబట్టి ధర నిర్ణయంలో దానికి చోటు లేదు. ఆర్థికవేత్త మైకేల్ స్పెన్స్ 1981లో రాసిన పరిశోధన వ్యాసంలో దీన్ని పద్ధతిగా చూపించాడు. వడ్డీని లెక్కలోకి తీసుకోకపోతే, నేర్చుకునే కాలమంతా గుత్తాధిపతి చూడాల్సింది చివరి ఖర్చునే.

అలాగని ఎంత తగ్గిస్తే అంత మంచిదని కాదు. ఇదే స్టార్టరును గీత దాటేదాకా 500కు అమ్మితే నాలుగు నెలల్లోనే 2,000 పూర్తవుతాయి. కానీ నష్టం 4 లక్షలకు పెరుగుతుంది, చివరికి మిగిలేది 8 లక్షల 80 వేలు. వడ్డీని కూడా కలిపితే ధర కొంచెం పైనుంచి మొదలై మెల్లగా దిగుతూ 600 దగ్గర ఆగుతుంది. నష్టం ఇప్పుడు, లాభం తర్వాత కాబట్టి, అప్పు ఖరీదైన కొద్దీ మొదట్లో అంత లోతుకు దిగడం కష్టం. ఇందులో దానగుణం కూడా ఏమీ లేదు. అదనపు స్టార్టరు అసలు ఖర్చు 200 అయినప్పుడు 600 తీసుకుంటున్నవాడు గుత్తాధిపతే, అతని లాభం అలాగే ఉంది.

నిజమైన ఫ్యాక్టరీలో ఖర్చు ఇలా ఒక్కసారిగా పడిపోదు. 1936లో టి.పి. రైట్ అనే అమెరికన్ ఇంజనీరు విమానాల తయారీ లెక్కలు చూసి ఒక క్రమాన్ని గుర్తించాడు. మొత్తం చేసిన విమానాల సంఖ్య రెట్టింపైనప్పుడల్లా ఒక్కోదానికి పట్టే శ్రమ ఖర్చు ఇరవై శాతం చొప్పున తగ్గుతోంది. 100 అయ్యేది 80, తర్వాత 64, తర్వాత 51. రెట్టింపు కావడం మొదట్లో తేలిక, పోనుపోను కష్టం. అందుకే లోతైన నష్టం మొదటి కొద్ది వస్తువుల మీదే పడుతుంది. ట్రాన్సిస్టర్లలో ఈ నేర్పుకు మరో పేరుంది, యీల్డ్. ఒక సిలికాన్ బిళ్ల మీద చేసిన వాటిలో పనికొచ్చేవి ఎన్నన్నది దాని అర్థం. మొదట్లో చాలావరకు చెత్తబుట్టలోకే పోయేవి. అయితే ఫెయిర్‌చైల్డ్ ఖర్చు తగ్గడంలో ప్రతి పైసా నేర్పు వల్లే అనడం సరికాదు. 1963లో ఆ కంపెనీ కూర్పు పనిని హాంకాంగ్‌కు తరలించింది, అక్కడ కూలి చౌక. ఖర్చు తగ్గడం చూసి అంతా అనుభవం మహిమే అనుకోవడం ఈ విషయంలో తరచూ జరిగే పొరపాటు. ఒక్కో వస్తువుకు పట్టిన గంటలు ఎన్ని, పాడైన సరుకు ఎంత అని విడిగా చూస్తే తేడా తెలుస్తుంది. గంటలు తగ్గకుండా జీతాల బిల్లు మాత్రమే తగ్గితే అది నేర్పు కాదు.

ఇక ఈ లెక్క తలకిందులయ్యే సందర్భం. మన స్టార్టరుకు పన్నెండు నెలల బదులు ఆరు నెలల గిరాకీ మాత్రమే ఉందనుకోండి. 600 ధర పెట్టినవాడు 40 వేలు పోగొట్టుకుంటాడు. 850 పెట్టిన ముందుచూపు లేనివాడు లక్షా 35 వేలు సంపాదిస్తాడు. ధర, ఖర్చు, నేర్పు ఏవీ మారలేదు, అమ్ముడయ్యే మొత్తం ఒక్కటే తగ్గింది.

లాక్‌హీడ్ కంపెనీకి ట్రైస్టార్ విమానంతో ఇలాంటిదే జరిగింది. అక్కడ గుత్తాధిపత్యం లేదు, దాదాపు అదే పరిమాణంలో డీసీ-10 పోటీగా ఉంది. గిరాకీ ఇద్దరి మధ్యా చీలింది. 1971లో ఇంజన్లు చేసే రోల్స్‌రాయిస్ దివాలా తీసింది, 1973లో చమురు ధరలు పెరిగి విమాన సంస్థలు ఆర్డర్లు తగ్గించుకున్నాయి. మొత్తం 250 విమానాలతో తయారీ ఆగిపోయింది. లాక్‌హీడ్ ఆ తర్వాత ప్రయాణికుల విమానాల వ్యాపారంలోకే రాలేదు. ఆ ఫ్యాక్టరీ లెక్కలను ఆర్థికవేత్త లేనియర్ బెంకార్డ్ పరిశీలించినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. డెబ్బయ్యవ దశకం మధ్యలో ఉత్పత్తి మందగించాక ఒక్కో విమానానికి పట్టే పనిగంటలు తగ్గడం మానేసి తిరిగి పెరిగాయి. ఆర్డర్లు లేక ఇంటికి పంపిన పనివాళ్లతో పాటు నేర్చుకున్నదీ పోయింది. ఆయన అంచనా ప్రకారం ఏడాదిలో అనుభవంలో మూడో వంతుకు మించి కరిగిపోతోంది. ఇలా మరపు ఉన్నచోట ఫీజు ఒకసారి కట్టి ఊరుకుంటే కుదరదు, కడుతూనే ఉండాలి. అప్పుడు చివరి ఖర్చు చూసి ధర పెట్టడమంటే ఎప్పటికీ రాని ఖర్చును నమ్ముకోవడమే.

నేర్చుకున్నది పక్క కంపెనీకి పాకినా ఇంతే. నష్టం మనది, నేర్పు అందరిదీ అవుతుంది. ఆ భయం లేనివాడు గుత్తాధిపతి ఒక్కడే. అందుకే అతనికే ఇంత కిందికి దిగే ధైర్యం ఎక్కువ.

చట్టానికి ఇక్కడే చిక్కు వస్తుంది. మన 2002 కాంపిటీషన్ చట్టం ప్రకారం ఖర్చు కన్నా తక్కువకు అమ్మడం ఒక్కటే నేరం కాదు, పోటీని తగ్గించే లేదా పోటీదారులను తొలగించే ఉద్దేశం కూడా ఉండాలి. ఉద్దేశం కంటికి కనిపించదు, కానీ ధర నడిచిన తీరు కనిపిస్తుంది. పోటీదారును తరిమేయడానికి ధర దించినవాడు వాడు పోయాక ధర పెంచి తీరాలి, లేకపోతే పోగొట్టుకున్నది తిరిగి రాదు. మన స్టార్టరు కంపెనీకి ఆ అవసరం లేదు. ఏడాది పొడుగునా దాని ధర 600 దగ్గరే ఉంది, దిగింది ఖర్చు. కాబట్టి విచారణలో అడగాల్సిన మొదటి కాగితం అమ్మకాలు మొదలుకాక ముందు కంపెనీ వేసుకున్న ఖర్చు అంచనా. ఎన్ని చేశాక ఖర్చు ఎంతకు దిగుతుందని అందులో రాసుకున్నారు, ఫ్యాక్టరీలో పనిగంటలు నిజంగా అలా దిగాయా అని పక్కపక్కన పెట్టి చూడాలి. అలాంటి అంచనా ఏదీ లేకుండా, నేర్చుకోవడానికే నష్టపోయామని తర్వాత తీరిగ్గా చెప్పే కంపెనీని నమ్మడానికి కారణం కనిపించదు.