తెల్లవారి అయిదున్నరకు మొదలయ్యే గీత

క్రిప్టో చార్టులో ధర పక్కనే సాగే ఒక గీత ఉంటుంది. తెర మీద దాని పేరు VWAP, ట్రేడర్ల నోట వీవాప్. ఈ రోజు కొన్నవాళ్లందరికీ ఒక్కో కాయిన్ సగటున ఎంతకు పడిందో చెప్పడమే దాని పని.

ఒక కాయిన్ పొద్దున 100 రూపాయల దగ్గర 10 చేతులు మారాయనుకోండి. తర్వాత 104 దగ్గర 60, చివర్లో 110 దగ్గర అయిదే. మూడు ధరలనూ మామూలుగా సగటు తీస్తే 104.67 వస్తుంది. వీవాప్ అలా లెక్కపెట్టదు. చేతులు మారిన మొత్తం డబ్బు 7,790ని మొత్తం 75 కాయిన్లతో భాగిస్తుంది. వచ్చేది 103.87. తెర మీద 110 వెలుగుతున్నా అసలు బేరమంతా 104 దగ్గరే జరిగిందని అర్థం. ఇప్పుడు కొనేవాడు మిగతావాళ్లకంటే ఆరు రూపాయలు ఎక్కువ పెడుతున్నాడు.

అలాగని 110 దగ్గర అమ్మేస్తే ధర మళ్లీ గీత దగ్గరికి దిగివస్తుందన్న హామీ ఏమీ లేదు. కొత్తవాళ్లు చేతులు కాల్చుకునేది ఇక్కడే. గీత దాదాపు అడ్డంగా సాగుతూ, ధర దాన్ని పైకీ కిందికీ దాటుతున్న రోజున ఆ ఆశకు కొంత ఆధారం ఉంటుంది. గీతే ఏటవాలుగా పైకి లేస్తూ, ధర దాన్ని తాకినప్పుడల్లా ఎగిసిపోతుంటే అది కొనేవాళ్ల రోజు. ఆ రోజు ఎదురెళ్లి అమ్మకూడదు.

షేర్ మార్కెట్‌కు గంట కొట్టే వేళ ఉంది, క్రిప్టోకు లేదు. అందుకే చాలా చార్టులు గ్రీనిచ్ కాలమానంలో అర్ధరాత్రికి, అంటే మనకు తెల్లవారి అయిదున్నరకు, లెక్కను మళ్లీ మొదలుపెడతాయి. మొదటి గంటలో గీత ధరను అంటిపెట్టుకునే ఉంటుంది కాబట్టి చెప్పేదేమీ ఉండదు. రాత్రి అయ్యేసరికి లెక్కలో అంత సరుకు చేరి ఉంటుంది కనుక కొత్త బేరాలు దాన్ని కదిలించలేవు. నా లెక్కలో దాని మాట వినదగ్గది నడిమి గంటల్లోనే. ఇంకొకటి, అది ఒక్క ఎక్స్చేంజ్ లెక్క మాత్రమే. తమలో తామే కొని అమ్మి వాల్యూమ్ పెంచి చూపే చిన్న ఎక్స్చేంజ్‌లో గీత కూడా అబద్ధమే చెబుతుంది.

మన దేశంలో ఈ గీత చూసి ట్రేడ్ చేసేవారికి వేరే లెక్క కూడా ఉంది. 2022 ఏప్రిల్ నుంచి లాభంపై 30 శాతం పన్ను. నష్టాన్ని లాభంలోంచి తీసివేయనివ్వరు. అదే ఏడాది జూలై నుంచి అమ్మిన మొత్తంపై ఒక శాతం టీడీఎస్. లక్ష రూపాయల కాయిన్లు అమ్మి 500 మిగుల్చుకుంటే టీడీఎస్ కింద వెయ్యి పోతుంది. రిటర్నులో సర్దుబాటయ్యేదాకా ఆ డబ్బు చేతికి రాదు. పది ట్రేడ్లలో తలా 500 గెలిచి, మరో పదింటిలో తలా 500 పోగొట్టుకున్నవాడికి మిగిలేది సున్నా. కట్టాల్సిన పన్ను సెస్సు కాక 1,500.