రేపటి మ్యాచ్‌ను ఈ రోజే ముగించొద్దు

2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో వన్డే ప్రపంచకప్ ఫైనల్. ముందు రోజు సాయంత్రం ప్రివ్యూ రాయడానికి కూర్చున్న విలేకరి చేతిలో ఏమేం ఉన్నాయో చూడండి. భారత్ ఆడిన పది మ్యాచ్‌లూ గెలిచింది. కోహ్లి 711 పరుగులతో అందరికంటే ముందున్నాడు. షమి ఆరు మ్యాచ్‌లే ఆడి 23 వికెట్లు తీశాడు. సెమీఫైనల్లో అయితే న్యూజిలాండ్ బ్యాటర్లను ఏడుగురిని ఒక్కడే పడగొట్టాడు. ఇంత సరంజామా ఉంటే ‘కప్పు మనదే’ అని రాసేయాలని ఎవరికైనా అనిపిస్తుంది.

రాయకూడదు. అది ఇంకా జరగలేదు కాబట్టి నిజం కాదన్నది ఒక కారణం. ఫలితం తేలిపోయిందని చెప్పాక పాఠకుడు మ్యాచ్ కోసం ఎదురుచూడటానికి ఏమీ మిగలదన్నది ఇంకో కారణం. ఉత్కంఠ పుట్టేది తేలని విషయం నుంచే. అందుకే ప్రివ్యూ రాసేవాడు ముందు వెతకాల్సింది తేలని ఆ ఒక్క విషయాన్ని.

ఆ ఫైనల్‌కు దాన్ని చెన్నైలో వెతకొచ్చు. అక్టోబర్ 8న ఇవే జట్లు అక్కడ తలపడ్డాయి. ఆస్ట్రేలియా 199కి ఆలౌటైంది, భారత్ ఆరు వికెట్ల తేడాతో గెలిచింది. స్కోరు చూస్తే ఏకపక్షమే. కానీ లోపలికి వెళ్తే ఛేదనలో భారత్ 2 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకుంది. 12 పరుగుల వద్ద కోహ్లి ఇచ్చిన క్యాచ్‌ను మిచెల్ మార్ష్ జారవిడిచాడు. ఆ తర్వాతే కోహ్లి 85, రాహుల్ అజేయంగా 97 కొట్టి గట్టెక్కించారు. పైగా ఆ రోజు చేతి గాయంతో ట్రావిస్ హెడ్ ఆస్ట్రేలియా జట్టులో లేడు.

ఇక్కడ పట్టుకుంటే ప్రివ్యూ ఇలా నడుస్తుంది: ‘చెన్నైలో భారత బౌలర్లకు ఎదురుపడని హెడ్ ఇప్పుడు బరిలోకి వస్తున్నాడు. గాయం నుంచి కోలుకుని ఆడిన తొలి మ్యాచ్‌లోనే న్యూజిలాండ్‌పై సెంచరీ కొట్టాడు. సెమీస్‌లో దక్షిణాఫ్రికాపై 62 పరుగులు చేసి రెండు వికెట్లూ తీశాడు. జూన్‌లో ఓవల్‌లో జరిగిన టెస్టు ఛాంపియన్‌షిప్ ఫైనల్లో భారత్‌పైనే 163 చేశాడు. మరి కొత్త బంతితో అతణ్ని తొందరగా పంపించగలిగేదెవరు?’

ఇందులో జోస్యం ఒక్కటీ లేదు. అంతా జరిగిపోయిన సంగతే, చివర ఒక్క ప్రశ్న తప్ప. మర్నాడు హెడ్ 137 కొట్టాడు, ఆస్ట్రేలియా ఆరు వికెట్లతో గెలిచింది. అయితే ఈ పేరా గొప్పతనం అది కాదు. హెడ్ సున్నాకే ఔటై ఉన్నా ఇందులో ఒక్క వాక్యం కూడా తప్పయ్యేది కాదు. మర్నాడు పొద్దున చదివినా అబద్ధం కాకుండా నిలబడటమే ప్రివ్యూకు పరీక్ష.

ఈ పరీక్షలో తప్పేవి పెద్ద జోస్యాల కంటే చిన్న వాక్యాలే ఎక్కువ. ‘బుమ్రాతో కలిసి సిరాజ్ కొత్త బంతి పంచుకుంటాడు’ అన్న మాటే తీసుకోండి. అప్పటిదాకా సాధారణంగా జరిగింది అదే. మన హైదరాబాదీ గురించి అలా రాయడానికి చెయ్యి ఆగదు కూడా. కానీ ఫైనల్లో ఆ బంతి షమి చేతికి వెళ్లింది. ‘టాస్ గెలిస్తే ఎవరైనా ముందు బ్యాటింగే’ అన్నదీ అంతే. కమిన్స్ టాస్ గెలిచి ఫీల్డింగ్ తీసుకున్నాడు. ‘ఇప్పటిదాకా సిరాజ్ పంచుకున్నాడు’ అని రాస్తే మొదటి వాక్యానికి ఏ ఢోకా లేదు. తుది జట్ల పక్కన ‘అంచనా’ అని వేయడం మన పత్రికల్లో ఉన్నదే. ఆ జాగ్రత్త మిగతా కాపీకీ కావాలి.

పిచ్ దగ్గర షరతు పెట్టి చెప్పడం మేలు. ఫైనల్‌కు వాడింది అక్టోబర్ 14న పాకిస్తాన్ 191కి కుప్పకూలిన పిచ్. ఇది వాస్తవం, గట్టిగా రాయొచ్చు. ‘రాత్రి మంచు కురిస్తే తడి బంతిపై స్పిన్నర్లకు పట్టు దొరకదు’ అనీ రాయొచ్చు. ‘మంచు కురుస్తుంది, స్పిన్నర్లు తేలిపోతారు’ అంటే మాత్రం జోస్యమే. ఇక మాజీ ఆటగాడెవరైనా ఫలానా జట్టే గెలుస్తుందని అంటే ఆయన పేరుతో, ఆయన మాటగానే వేయాలి.

అలాగని భయపడి ‘ఎవరైనా గెలవొచ్చు, ఏదైనా జరగొచ్చు’ అని రాస్తే ఇంకా దండగ. అందులో తప్పు దొరకదు, సమాచారమూ దొరకదు. ఎవరు ఎప్పుడు ఏ పని చేయగలిగితే మ్యాచ్ ఎటు మొగ్గుతుందో చెప్పాల్సిందే. ‘భారత్ గెలుస్తుంది’ అనే బదులు ‘భారత్ గెలవాలంటే హెడ్‌ను పవర్‌ప్లేలోనే ఆపాలి’ అంటే, పాఠకుడు ఆ తొలి పది ఓవర్లు కళ్లు తిప్పకుండా చూస్తాడు.

ప్రివ్యూలు రాసే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. కాపీ పంపే ముందు రేపటి గురించి చెప్పే క్రియలన్నిటి కిందా గీత గీయండి. వాటిలో షరతు గానీ, ప్రశ్న గానీ, చెప్పినవారి పేరు గానీ లేని వాక్యాన్ని కొట్టేయండి.