నలుపులో రెండు రకాలు

ఒకే ఇంట్లో ఇద్దరికి మలం నల్లగా వస్తోందనుకోండి. కోడలికి అయిదో నెల, రోజూ ఐరన్ మాత్ర వేసుకుంటోంది. మామగారికి అరవై దాటాయి. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ నెలల తరబడి మింగుతున్నారు. కోడలి విషయంలో కంగారు అక్కర్లేదు. మామగారిని మాత్రం ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఐరన్ వల్ల వచ్చే నలుపులో కాస్త ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. మలం ఎప్పటిలా గట్టిగానే ఉంటుంది, వాసనా మామూలే. మామగారిది నిగనిగలాడుతూ తారులా జిగటగా ఉంటుంది. నీళ్లు పోసినా ఓ పట్టాన పోదు, వాసన భరించలేం. నొప్పి బిళ్లలు జీర్ణాశయం లోపలి పొరకున్న రక్షణను తగ్గిస్తాయి. అక్కడ పుండు పడి రక్తం కారితే, అది ఆమ్లానికీ పేగుల్లోని బ్యాక్టీరియాకూ లోనై నల్లబడుతుంది. ఇందుకు 50 నుంచి 100 మిల్లీలీటర్ల రక్తం చాలు, అంటే చిన్న టీ గ్లాసుడు.

కడుపులో నొప్పి లేదు కదా అని చాలామంది ఆగిపోతారు. నొప్పి బిళ్ల వేసుకునేవాళ్లకు పుండు నొప్పి తెలియకపోవచ్చు. లేచి నిలబడితే కళ్లు తిరగడం, చెమటలు పట్టడం, గుండె దడ ఉంటే అది అత్యవసరం. మొదటి గంటల్లో హిమోగ్లోబిన్ మామూలుగానే కనిపించవచ్చు, కాబట్టి ఆ ఒక్క రిపోర్టు చూసి ఇంటికొచ్చేయకూడదు. పుండు ఎక్కడుందో ఎండోస్కోపీలో తెలుస్తుంది, చాలాసార్లు రక్తాన్ని అక్కడే ఆపుతారు కూడా. ఐరన్ వేసుకునేవారికైనా మలం జిగటగా మారితే నెపం మాత్ర మీదకు నెట్టకండి.

మిగతా రంగుల్లో చాలావాటికి భయం లేదు. మలానికి గోధుమరంగు ఇచ్చేది పైత్యరసం. పాలకూర తిన్నా, విరేచనాలై తిండి పేగుల్లో వేగంగా కదిలినా పచ్చగా వస్తుంది. బీట్‌రూట్ తింటే ఎర్రబడుతుంది. రూపం కూడా మనిషికో తీరు. పగుళ్లున్నా లేకున్నా పొడవుగా, మెత్తగా వస్తే చాలు.

ఎర్రటి రక్తం చుక్కలుగా పడితే ఎక్కువసార్లు మొలలే. అయితే మొలలని మనమే తేల్చేసుకుని నెలలు గడపడం నాకు నచ్చదు. రక్తం మలంలో కలిసి వస్తున్నా, బరువు తగ్గుతున్నా, విరేచనం అలవాటు మారినా పెద్దపేగు క్యాన్సర్ కాదని డాక్టరు నిర్ధారించాలి.

సున్నంలా తెల్లగా పాలిపోయిన మలమంటే పైత్యరసం పేగులోకి రావడం లేదని. మూత్రం ముదురు రంగులో, కళ్లు పచ్చగా ఉంటే ఆలస్యం చేయొద్దు. రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గని పసిబిడ్డకు ఇలా వస్తే పసరు మందుల కోసం తిరగకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. పైత్యనాళాలు మూసుకుపోయిన బిడ్డకు 60 రోజుల లోపు చేసే ఆపరేషనే ఎక్కువగా ఫలిస్తుంది.